బృందం పరిశీలించిందా, పరిశీలించారా?

పత్తిలో గులాబీ రంగు పురుగుపై ఒక క్షేత్ర సందర్శన నివేదిక ఇలా సాగుతుందనుకోవచ్చు: ‘శాస్త్రవేత్తల బృందం రైతులను కలిసింది. పచ్చి కాయలను కోసి చూసి, పురుగు ఉధృతి తీవ్రంగా ఉందని వారు తెలిపారు.’ కాయలు కోసి చూసినది ఎవరు? శాస్త్రవేత్తలైతే అది నిర్ధారణ. రైతులైతే అది ఫిర్యాదు. ఈ రెండింటి ఆధారంగా ఇవ్వవలసిన సిఫారసు ఒకటి కాదు. మొదటి వాక్యంలో ‘కలిసింది’ అని ఏకవచనంలో ఉన్న బృందం రెండవ వాక్యంలో ‘వారు’గా మారడమే ఈ సందిగ్ధతకు మూలం. ‘బృందం’ అనే మాటను మళ్ళీ రాసి ‘తెలిపింది’ అని ముగిస్తే సందేహానికి తావుండదు.

ఆంగ్లంలో ఇది కేవలం వచనానికి సంబంధించిన ప్రశ్న. తెలుగులో వచనంతోపాటు మహదమహద్భేదం కూడా కలుస్తుంది. బృందం, కమిటీ, సంఘం అమహద్వాచకాలు; కనుక బృందం పర్యటించింది, బృందాలు పర్యటించాయి. అందులోని మనుషులను విడివిడిగా చెప్పవలసివస్తే ‘బృంద సభ్యులు పర్యటించారు’ అనాలి. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతుల కమిషన్ సిఫారసులు ‘చేసింది’. అవి ఒక్కొక్క సభ్యుని అభిప్రాయాలు కావు. ఒక సభ్యుడు విభేదించిన సందర్భంలో మాత్రం ‘కమిటీ అంగీకరించింది’ అన్న తరువాత ‘సభ్యులలో ఒకరు అసమ్మతి తెలిపారు’ అని వేరుగా రాయడమే న్యాయం.

‘సిబ్బంది’ తీరు వేరు. రూపం ఏకవచనంలా కనిపించినా దానికి మనుష్య బహువచన క్రియ సహజం: సిబ్బంది నమూనాలు సేకరించారు. బృందానికి ఒక నియమం, సిబ్బందికి మరొకటి ఉండడం అస్థిరత కాదు, భాషా స్వభావం. ఒకే నివేదికలో మూడవ పుటలో ‘కమిటీ నిర్ణయించింది’, ఏడవ పుటలో ‘కమిటీ నిర్ణయించారు’ అని ఉండడమే అస్థిరత.

ఈ రెండవ రూపం వ్యాకరణం తెలియక వచ్చేది కాదు, చాలావరకు మర్యాద వల్ల వచ్చేది. పెద్దలున్న కమిటీని ‘నిర్ణయించింది’ అనడానికి రచయిత జంకుతాడు. ‘ఆరు’తో ముగిస్తే గౌరవం దక్కుతుందని భావిస్తాడు. ఆ గౌరవాన్ని అధ్యక్షుల పేరు దగ్గర చూపవచ్చు. కమిటీకి అది అవసరం లేదు.

ఆంగ్ల సారాంశం జతచేసేవారికి మరొక చిక్కు ఉంది. మదీనాగూడ నుండి హైటెక్ సిటీ వరకు అమెరికా పాఠకుల కోసం పత్రాలు రాసేవారు ‘టీమ్’కు, ‘స్టాఫ్’కు కూడా ఏకవచన క్రియనే వాడతారు. బ్రిటిష్ పద్ధతిలో బహువచనమూ చెల్లుతుంది. మన విశ్వవిద్యాలయాలలో ‘స్టాఫ్ ఆర్’ అన్నదే పరిపాటి. రెండూ ఒప్పే. అయితే సారాంశంలో ఒకటి, వ్యాసంలో మరొకటి ఉండరాదు.

ప్రతిని పంపే ముందు ‘బృందం’, ‘కమిటీ’, ‘సిబ్బంది’ అనే మాటలను కంప్యూటరులో వెతికి, ప్రతిచోటా క్రియాంతాన్నీ, తరువాతి వాక్యంలోని సర్వనామాన్నీ సరిచూడాలి. ఇతరుల తీర్మానాన్ని యథాతథంగా ఉదహరించిన చోట మాత్రం దిద్దరాదు.