సున్నా దగ్గర మొదలుపెట్టండి భాయ్

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరద మీద నేను పెట్టిన ఇరవై నిమిషాల వీడియో చూసి ఖాలా ఫోన్ చేసింది: "బేటా, సామాను ఎప్పుడు సర్దాలో ఎక్కడ చెప్పావ్?" సిగ్గేసింది. వీడియో కింద టైములు రాశాను గానీ చాప్టర్లుగా రాలేదు.

గల్తీ నాదే. మొదటి లైన్ 0:05 అని పెట్టా. యూట్యూబ్‌కి మొదటిది 0:00 ఉండాలి. కనీసం మూడు లైన్లు, వరసగా, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకుండా. ఇలా మార్చా:

```
0:00 71 అడుగుల నాటి భద్రాచలం
4:10 43, 48, 53 అడుగుల హెచ్చరికలు
9:35 సామాను ఎప్పుడు సర్దాలి
15:20 నీళ్లు తీశాక ఇంటికి
```

"పార్ట్ 1, పార్ట్ 2" అని రాస్తే ఎవరికీ ఫాయిదా లేదు. ఆ భాగంలో ఏముందో అదే పేరు కావాలి.

ఇక ఖులాసా. నొక్కి తెరవకముందు కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. మనవాళ్లు అక్కడ సలాం, దువా, "షేర్ చేయండి" రాసేస్తారు. సలాం వీడియోలో చెబుదాం. అక్కడ మాత్రం "భద్రాచలం గోదావరి వరద 2022: ఏ హెచ్చరికకు ఏం చేయాలి" అని, జనం వెతికే మాటలే రాద్దాం. వెతుకులాటకూ అవే పనికొస్తాయి, ఖాలాకూ అవే.

వీడియోలో లేని మాట మాత్రం రాయొద్దు. అది ధోకా. వచ్చినవాళ్లు అర నిమిషంలో వెళ్లిపోతారు.