రద్దు కోరితే చాలదు, రుజువు చేతిలో ఉండాలి

క్రెడిట్ కార్డు మూసేయమని ఖాతాదారు అడిగితే, బాకీ లేని పక్షంలో బ్యాంకు ఏడు పనిదినాల్లో దాన్ని మూసేయాలి. గడువు దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయల చొప్పున ఖాతాదారుకే చెల్లించాలి. రిజర్వు బ్యాంకు తెచ్చిన ఈ నిబంధన 2022 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో ఒక సేవను వదులుకోవాలనుకునే వినియోగదారుకు ఇంత స్పష్టమైన గడువు, ఇంత నిర్దిష్టమైన పరిహారం రాసిపెట్టిన నిబంధనలు అరుదు. అయితే ఈ హక్కంతా ఒకే ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. మూసేయమని అడిగింది ఏ రోజు? ఆ తేదీని ఖాతాదారు చూపించగలిగితేనే ఏడు రోజుల లెక్క మొదలవుతుంది. చూపించలేకపోతే నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది. అందుకే సేవ రద్దును రాతపూర్వకంగా కోరడం, అందినట్టు రాతపూర్వకంగానే జవాబు అడగడం మర్యాద కోసం చేసే పని కాదు. హక్కుకు ప్రాణం పోసేది అదే.

ఎక్కువమంది ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు. ఆ దారిని నిబంధన కూడా అనుమతిస్తుంది. హెల్ప్‌లైన్, ప్రత్యేక ఈమెయిల్, వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనిపించే లింకు, నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్ వంటి మార్గాలన్నీ బ్యాంకు అందుబాటులో ఉంచాలి. ఆలస్యానికి దారితీసేలా పోస్టులోనే ఉత్తరం పంపమని పట్టుబట్టకూడదు. కానీ ఫోన్‌లో జరిగిన సంభాషణ రికార్డు బ్యాంకు దగ్గర ఉంటుంది, ఖాతాదారు దగ్గర ఉండదు. పైగా ఆ కాల్ తరచుగా బేరంగా మారుతుంది. వార్షిక రుసుము మాఫీ చేస్తామంటారు, పాయింట్లు ఇస్తామంటారు, మరో ఆరు నెలలు ఉంచి చూడమంటారు. మొహమాటానికి ‘ఆలోచిస్తాను’ అన్న ఒక్క మాటతో రద్దు అభ్యర్థన కాస్తా విచారణ కాల్‌గా నమోదు కావచ్చు. రెండు నెలల తరవాత రుసుముతో బిల్లు వస్తే, తాను ఏమన్నదీ చెప్పుకోవడానికి ఖాతాదారు దగ్గర జ్ఞాపకం తప్ప మరేమీ మిగలదు.

రాసి పంపే సందేశం పెద్దదేమీ కానక్కర్లేదు. ‘నా పేరున ఉన్న, చివరి నాలుగు అంకెలు ఇవి గల క్రెడిట్ కార్డును ఈ తేదీ నుంచి శాశ్వతంగా మూసేయండి. ఇంకా బిల్లులోకి రాని లావాదేవీలు, వడ్డీ కలిపి నేను చెల్లించాల్సిన మొత్తం ఎంతో తెలపండి. ఈ అభ్యర్థనకు రిఫరెన్స్ నంబరు ఇచ్చి, కార్డు మూసిన తేదీని, బాకీ లేదన్న ధ్రువీకరణను ఇదే ఈమెయిల్‌కు పంపండి.’ ఈ మూడు వాక్యాలకు పేరు, బ్యాంకులో నమోదైన ఫోన్ నంబరు చేరిస్తే చాలు. కారణం చెప్పాల్సిన పని లేదు, చెబితే బేరానికి తావిచ్చినట్టే. ‘మూసేయాలనుకుంటున్నాను’ అని కాకుండా ‘మూసేయండి’ అని రాయాలి. పూర్తి కార్డు నంబరు, సీవీవీ, పిన్, ఓటీపీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకూడదు. బ్యాంకు ఈమెయిల్ చిరునామాను స్టేట్‌మెంట్ మీద గానీ బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో గానీ చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో నకిలీవి ఉంటాయి.

చెల్లించాల్సిన మొత్తాన్ని అదే సందేశంలో అడగమనడానికి బలమైన కారణం ఉంది. పరిహారం వర్తించాలంటే బాకీ ఉండకూడదు. చాలా అభ్యర్థనలు చిక్కుకునే అవకాశం ఉన్నది సరిగ్గా ఇక్కడే. ఉదాహరణకు ఒకరు అంతకు ముందు నెల బిల్లులో కొంతే కట్టారనుకుందాం. ఈ నెల పదో తేదీన 12,000 రూపాయల స్టేట్‌మెంట్ వచ్చింది. ఇరవై ఐదున మొత్తం కట్టేసి, మర్నాడు కార్డు మూసేయమన్నారు. తన లెక్కలో బాకీ సున్నా. కానీ పాత బాకీ సాగుతున్నప్పుడు వడ్డీ రోజువారీగా పడుతుంది. నెలకు 3.5 శాతం చొప్పున ఆ పదిహేను రోజులకు సుమారు 207 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో దాదాపు 244 రూపాయలు తరవాతి స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. బ్యాంకు దృష్టిలో బాకీ ఉంది కాబట్టి గడువు నడవడం లేదు. కార్డు పోయిందనుకున్న ఖాతాదారు బిల్లు చూడడు. ఆలస్య రుసుము చేరుతుంది, చివరికి క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. మొత్తం ఎంతో ముందే రాతలో అడిగి, జవాబు ప్రకారం కట్టేస్తే ఈ సందు మూసుకుపోతుంది. ఆ తరవాత గడువు మీద ఇరవై రోజులు ఆలస్యమైతే 10,000 రూపాయలు అడిగే హక్కు నిక్కచ్చిగా నిలబడుతుంది.

ఇంత శ్రమ దేనికి, ఆటోపే ఆపేస్తే సరిపోదా అని కొందరంటారు. చాలదు. ఆటోపే అన్నది డబ్బు వెళ్లే దారి మాత్రమే. దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలు ఖాతాదారుకు ఉంది, అది మంచిదే. కానీ దారి మూసినంత మాత్రాన ఒప్పందం ముగియదు, బిల్లు పుడుతూనే ఉంటుంది. యాప్‌లో బటన్ నొక్కితే చాలదా అన్నది ఇంకో ప్రశ్న. బటన్ నొక్కగానే ఎస్సెమ్మెస్, ఈమెయిల్ వస్తే నిజంగానే చాలు, ఎందుకంటే అదీ రాతే. రాకపోతే మాత్రం తెర మీద కనిపించిన మాట కార్డుతోపాటు యాప్ మూసుకుపోయాక మళ్లీ తెరిచి చూపడానికి ఉండదు.

కంపెనీల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. నాలుగు అంకెలు, పేరు తెలిసిన ఎవరైనా ఇంకొకరి ఖాతా మూయించవచ్చు కదా, నిర్ధారించుకోవద్దా? నిర్ధారించుకోవాల్సిందే. నమోదైన ఈమెయిల్ నుంచి వచ్చిందో లేదో చూడటం, నమోదైన ఫోన్‌కు కబురు పంపి సమ్మతి తీసుకోవడం ఒక్క రోజులో అయ్యే పనులు. ఆ పరిశీలన ఏడు రోజుల లోపలే జరగాలి తప్ప, అది పూర్తయ్యాకే ఏడు రోజులు మొదలవుతాయనడం న్యాయం కాదు. బ్యాంకు జవాబివ్వకపోతే ఫిర్యాదు చేసి, 30 రోజులు చూసి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడా తేదీతో ఉన్న ఆ మొదటి సందేశమే ప్రధాన ఆధారం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. రాయడం, దాచుకోవడం అలవాటు లేని లక్షలాది మందిపై రుజువు భారం మోపడమేమిటన్నది అది. నేను పూర్తిగా అంగీకరిస్తాను. అందుకే వినియోగదారు జాగ్రత్తతో ఈ వాదన ఆగిపోకూడదు. 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల నివారణ మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును నిషేధించాయి. రద్దును అసాధ్యం చేయడం, ఆ ఆప్షన్‌ను దాచడం తప్పని చెప్పాయి. కానీ రద్దు ఎన్ని రోజుల్లో పూర్తికావాలో, కాకపోతే వినియోగదారుకు రోజుకెంత దక్కాలో చెప్పలేదు. క్రెడిట్ కార్డుకు ఉన్న గడువు, పరిహారం బ్రాడ్‌బ్యాండ్‌కు, ఓటీటీకి, జిమ్ సభ్యత్వానికి ఎందుకు ఉండకూడదు? రద్దు కోరిన క్షణమే తేదీతో కూడిన రసీదు పంపడాన్ని, అడిగినా అడగకపోయినా, కంపెనీ బాధ్యతగా చేయాలి. రసీదు ఇవ్వని చోట, అభ్యర్థన ఎప్పుడు అందిందన్న వివాదంలో వినియోగదారు మాటనే నిజంగా తీసుకోవాలి. ఈ రెండు వాక్యాలు నిబంధనల్లో చేరేవరకు, ఆ రసీదును అడిగి తీసుకోవడం తప్ప వినియోగదారుకు మరో దారి లేదు.