డేటా అడిగే ఈమెయిల్ అర్జీ కాదు

1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు. అమెరికా నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి ఒక వినతిపత్రం ఇచ్చారని అంబేద్కర్ చదివారు. దాని ప్రతులు ఆయనకు కావాలి. ఉత్తరం చాలా చిన్నది. మనం కలుసుకోలేదు కానీ మీ పేరు తెలుసు అన్నారు. తాను భారతదేశపు అంటరానివారిలో ఒకడినన్నారు. మీ రచనలు చదివానని, రెండు సమాజాల స్థితికీ ఉన్న పోలిక వల్ల ఆ అధ్యయనం అవసరమైందని చెప్పారు. అంటరానివారు కూడా అదే దారిలో వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నారని, అందుకే ఆ పత్రం ప్రతులు రెండో మూడో తెప్పించి పంపగలరా అని అడిగారు. కృతజ్ఞత చెప్పి ముగించారు. తన డిగ్రీల ప్రస్తావన ఆ ఉత్తరం పాఠంలో ఎక్కడా లేదు. డుబోయిస్ జూలై 31న జవాబిచ్చారు. ఒక ప్రతి జతచేశారు, ఇంకో సంస్థ మరింత సమగ్రమైన పత్రం తెచ్చే అవకాశముందని, అది వస్తే పంపుతానని కూడా రాశారు.

ఈ ఉత్తరాన్ని సంఘీభావానికి గుర్తుగా మనం చాలాసార్లు తలుచుకున్నాం. ఈసారి దాన్ని ఒక అపరిచితుడిని ఏదైనా అడగడం ఎలాగో చూపే నమూనాగా చదవాలనిపిస్తోంది. ఎందుకంటే మన పరిశోధక విద్యార్థుల్లో చాలామంది ఈ పని దగ్గరే ఆగిపోతున్నారు. కొందరికి డేటా గైడ్ చేసే ఒక ఫోన్ కాల్‌తో వచ్చేస్తుంది. అలా ఫోన్ చేసేవాళ్లు లేని విద్యార్థికి మిగిలేది ఈమెయిల్ ఒక్కటే. ఆ ఈమెయిల్‌ను మనం ఎక్కడ నేర్చుకున్నాం? స్కాలర్‌షిప్ ఆగినప్పుడు, హాస్టల్ సీటు కోసం, కుల ధ్రువీకరణ పత్రం కోసం రాసిన అర్జీల్లో. అర్జీలో కష్టం ముందు వస్తుంది, విధేయత చివర వస్తుంది, మధ్యలో ఎక్కడో అసలు కోరిక ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో అది నడుస్తుందేమో. ఎందుకంటే అక్కడ ఏ పత్రం అడుగుతున్నామో ముందే తెలుసు. తెలియని ప్రొఫెసర్‌కు అలా రాస్తే ఆయనకు జాలి కలగవచ్చు కానీ ఏం చేయాలో తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీల ఉపవర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఉపకులాల వారీ అంకెల అవసరం పెరిగింది. ఒక విద్యార్థిని అసైన్డ్ భూమి మీద పనిచేస్తోందనుకోండి. కొన్నేళ్ల కిందట ఒక ఆర్థికవేత్త ఆరు గ్రామాల్లో ఇంటింటి సర్వే చేసి వ్యాసం రాశారు. అందులో ఎస్సీలంతా ఒకే వరుసలో ఉన్నారు. ఆమెకు ఆ వరుస విడిగా కావాలి. ఆమె మొదటి చిత్తుప్రతి దాదాపు ఇలా ఉంటుంది: పేద కుటుంబం నుంచి వచ్చాను, మీ పరిశోధన నాకు స్ఫూర్తి, దయచేసి మీ డేటా మొత్తం పంపి నా పరిశోధనకు సహకరించగలరని వేడుకుంటున్నాను, వీలైనంత త్వరగా. దానికి 30 పేజీల సినాప్సిస్ జతచేసి ఉంటుంది.

ఇందులో కష్టమైన మాట 'మొత్తం'. సర్వే చేసిన వ్యక్తి దగ్గర ఏముంటుందో ఊహించండి. ఇంటి యజమాని పేరు, కులం, అప్పు, పట్టా నంబర్ ఉన్న ఫైళ్లు ఉంటాయి. ఆ వివరాలు బృందం దాటి వెళ్లవని ఆ ఇళ్లవాళ్లకు మాట ఇచ్చి ఉండవచ్చు. పేర్లు తీసేసినా సరిపోదు. ఒక గ్రామంలో ఏదైనా చిన్న ఉపకులం కుటుంబాలు మూడే ఉంటే, గ్రామం పేరూ ఉపకులం పేరూ చూసినవాళ్లు ఆ ఇళ్లను చూపించగలరు. కాబట్టి 'మొత్తం' అని అడిగితే ఆయన ముందు ఫైళ్లు వెతకాలి, వాటిని శుభ్రం చేయాలి, ఎవరికి హాని జరుగుతుందో ఆలోచించాలి, నిధులిచ్చిన సంస్థ అనుమతి ఉందో లేదో చూడాలి. ఇదంతా ఒక అపరిచిత విద్యార్థి కోసం. ఎవరైనా రేపు చూద్దామనుకుంటారు. ఆ రేపు రాదు.

అందుకే రాసేముందు ఆమె గంటసేపు చేయాల్సిన పని ఒకటుంది. వ్యాసం అడుగు సూచికలు, అనుబంధాలు చదివి ప్రశ్నావళిలో ఉపకులం అసలు అడిగారో లేదో చూడాలి. అడగకపోతే ఈమెయిలే అనవసరం. డేటా ఎక్కడైనా బహిరంగంగా ఉందేమో వెతకాలి. జాతీయ శాంపిల్ సర్వేల యూనిట్ స్థాయి డేటా గణాంక మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఒక ప్రొఫెసర్‌ను అడగడం ఇద్దరి సమయమూ వృథా చేయడమే. డేటా ప్రభుత్వ కార్యాలయానిదైతే దారి వేరు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత వాళ్లది. ప్రొఫెసర్ మీద అలాంటి బాధ్యత లేదు. ఆయనకు రాసేది ఆయన ఇష్టంతో చేసే పని కోసం. ఈ తేడా ఈమెయిల్ స్వరంలో కనిపించాలి.

ఇవన్నీ చూసుకున్నాక ఆమె తిరిగి రాసిన ఈమెయిల్ ఇలా ఉండవచ్చు. ఇంగ్లీషులో రాసినా ఎముకల గూడు ఇదే.

సబ్జెక్ట్: మీ భూమి సర్వే వ్యాసం, 4వ పట్టిక: ఎస్సీ వరుసను విడదీసి ఇవ్వగలరా?

ప్రొఫెసర్ గారికి నమస్కారం.

నేను అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడాది విద్యార్థిని. ఎస్సీ ఉపకులాల చేతుల్లో అసైన్డ్ భూమి ఎంత మిగిలిందన్నది నా పరిశోధనాంశం.

మీ వ్యాసం 4వ పట్టికలో ఎస్సీ కుటుంబాల భూమి ఒకే వరుసలో ఉంది. ప్రశ్నావళిలో ఉపకులం అడిగినట్టు అనుబంధంలో చూశాను. ఆ వరుసను మాల, మాదిగ, ఇతర ఎస్సీ అని మూడుగా విడదీసి, కుటుంబాల సంఖ్య, సగటు భూమి ఇవ్వగలరా? ఆరు గ్రామాలకూ కలిపి చాలు. ఏ వర్గంలోనైనా 10 కంటే తక్కువ కుటుంబాలుంటే ఆ అంకె వదిలేయవచ్చు.

పట్టిక తయారుచేసే తీరిక లేకపోతే, పేర్లూ గ్రామాలూ తీసేసి ఉపకులం, భూమి అనే రెండు కాలమ్‌లు మాత్రం పంపినా నేనే లెక్కవేసి మీకు చూపిస్తాను. ఆ ఫైల్ ఇంకెవరికీ ఇవ్వను.

ఈ అంకెలను నా మూడో అధ్యాయంలో మీ పేరు పేర్కొంటూ వాడతాను. ఆ అధ్యాయం మార్చి 15న ఇవ్వాలి. అప్పటికి కుదరకపోతే ఎస్సీలను ఒకే వర్గంగా చూపి, ఆ పరిమితిని రాసుకుంటాను.

ఇవ్వడానికి వీల్లేకపోయినా, డేటా వేరొకరి దగ్గర ఉన్నా, ఆ ఒక్క మాట చెబితే నాకు ఉపయోగం.

కింద పేరు, విభాగం, గైడ్ పేరు, ఫోన్ నంబర్. జతచేసిన ఫైళ్లేమీ లేవు.

ఇది చదివిన వ్యక్తి కంప్యూటర్‌లో పాత ఫైల్ ఉంటే, మొదటి కోరిక తీర్చడానికి కొద్ది నిమిషాలు చాలు. వ్యాసం రాసినప్పుడు వేసిన పట్టికనే ఇంకో కాలమ్‌తో మళ్లీ వేస్తే సరిపోతుంది. గ్రామాలను కలపమనడం, 10 కంటే తక్కువ వద్దనడం చూస్తే ఆయన అడగబోయే అభ్యంతరం గురించి ఈమె ముందే ఆలోచించిందని తెలుస్తుంది. ఆ రెండు వాక్యాలూ ఎన్ని పొగడ్తలకన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. 10 అనేది చట్టం పెట్టిన అంకె కాదు. కొన్ని సర్వేల్లో 5 వాడతారు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆయన మరో అంకె చెబితే దాన్నే పాటించాలి.

గడువు విషయం చాలామంది తప్పుగా రాస్తారు. వీలైనంత త్వరగా అంటే చదివేవారికి ఏమీ తెలియదు. పైగా కొంచెం అధికారంలా వినిపిస్తుంది. తేదీ ఇచ్చి, ఆ తేదీ దాటితే నువ్వేం చేస్తావో చెబితే ఆయన మీద భారం తగ్గుతుంది. తన ఆలస్యం వల్ల ఒకరి పీహెచ్‌డీ ఆగిపోతుందన్న భయంతో జవాబు రాయనివాళ్లు కూడా ఉంటారు. అయితే ఆ తేదీ నిజమైనదై ఉండాలి. లేని నైతిక కమిటీ అనుమతి ఉన్నట్టు రాయడం కూడా అంతే ప్రమాదం. అనుమతి పత్రం పంపమని అడిగితే అక్కడితో సంబంధం తెగిపోతుంది.

పేదరికం గురించి రాయాలా? మా అభిప్రాయం, వద్దు. అది దాచాల్సిన విషయమని కాదు. అంబేద్కర్ తాను ఎవరో ఒకే వాక్యంలో చెప్పారు, ఎందుకంటే ఆయన అడిగేదానికి అది కారణం. ఈమె అంశానికి ఆమె ఊరు కారణమైతే, మా ఊరి అసైన్డ్ భూముల నుంచే ఈ ప్రశ్న పుట్టిందని ఒక్క ముక్క రాయవచ్చు. అది సమాచారం. జాలి కోసం రాసింది మాత్రం చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. 'గారు' చాలు, పాదాభివందనాలు అక్కర్లేదు.

జవాబు రాకపోతే? రెండు వారాలు ఆగి అదే మెయిల్‌కు కిందనే మూడు వాక్యాలు రాయాలి. కొత్త మెయిల్‌గా కాదు, పాతది పైకి వచ్చేలా. ఈసారి కోరిక ఇంకా చిన్నది కావాలి: పట్టిక కుదరకపోతే, ఎస్సీ కుటుంబాల్లో ఏ ఉపకులం వాళ్లు ఎందరో ఆ సంఖ్యలైనా చెప్పగలరా అని. దానికీ జవాబు లేకపోతే వ్యాసానికి రెండో రచయిత ఎవరో చూడాలి. సీనియర్ పేరుతో వచ్చిన వ్యాసాల్లో లెక్కలు వేసింది, ఫైలు దగ్గర పెట్టుకున్నది తరచూ ఆ రెండో వ్యక్తే. వారికి రాసేటప్పుడు మొదటివారికి రాశానని కూడా చెప్పాలి. ఒకే సందేశాన్ని 12 మందికి ఒకేసారి పంపితే ప్రతివారూ మిగతా 11 మందిలో ఎవరో ఒకరు చూసుకుంటారనుకుంటారు.

మీ మెయిల్ ఎలా ఉందో వచ్చే జవాబే చెబుతుంది. మీకు సరిగ్గా ఏం కావాలి అని అడిగితే మెయిల్ విఫలమైనట్టు. ఆ కుటుంబాలకు ఇచ్చిన మాట ప్రకారం ఇవ్వలేను అని వస్తే మెయిల్ తన పని చేసినట్టే. ఆ జవాబు కూడా పరిశోధనలో పనికొస్తుంది. ఫలానా సర్వేలో ఉపకులం నమోదైంది కానీ ఆ వివరాలు బయటివారికి అందుబాటులో లేవని, ఫలానా నెలలో రచయిత తెలిపారని, వారి అనుమతితో, ఆమె మూడో అధ్యాయంలో ఒక వాక్యం రాయవచ్చు. ఆరు గ్రామాల్లో ఏ ప్రశ్న ఇప్పటికే అడిగారో ఆమెకు తెలుసు. ఏడో గ్రామానికి తన ప్రశ్నావళి పట్టుకుని వెళ్లేటప్పుడు ఆ ప్రశ్నను అదే మాటల్లో అడుగుతుంది.