మూడో ‘సమానం’ ఎక్కడి నుంచి వచ్చింది?

బీఈడీ చదువుతూనో, డీఎస్సీకి సిద్ధమవుతూనో, ఖర్చుల కోసం ట్యూషన్లు చెబుతూనో ఉన్నవారికి ఒక ప్రశ్న. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని నిరూపించమంటే మొదటి వాక్యం ఏం రాస్తారు? ‘A నుంచి BC కి AD గీద్దాం’ అనే కదా! సరే, ఆ AD ఏ గీత? కోణాన్ని సగం చేసేదా, భుజాన్ని సగం చేసేదా, లంబమా? డెమో క్లాసులో వెనక బెంచీ నుంచి ఈ ఒక్క ప్రశ్న వస్తే చాలు, గైడులోంచి బట్టీ పట్టిన నిరూపణ అక్కడే ఆగిపోతుంది.

దాన్ని చివరి నుంచి కట్టుకుంటూ వద్దాం. మనకు కావాల్సింది ∠B = ∠C. రెండు కోణాలు సమానమని ఎప్పుడు చెప్పగలం? అవి రెండు సర్వసమాన త్రిభుజాల్లో సదృశ కోణాలైతే చెప్పగలం. కానీ మన దగ్గర ఉన్నది ఒక్కటే త్రిభుజం. అందుకే దాన్ని రెండుగా చీల్చే గీత కావాలి. AD పుట్టింది ఈ అవసరం నుంచే. చీల్చాక చేతిలో ఏమున్నాయి? దత్తాంశం ఇచ్చిన AB = AC ఒకటి. AD ఉమ్మడి భుజం కాబట్టి అది రెండోది. మూడో సమానం ఇంకా లేదు, దాన్ని నిర్మాణంతోనే తెచ్చుకోవాలి. ఉన్న రెండు భుజాల మధ్య కోణం A దగ్గర ఉంది. కాబట్టి AD ని ∠A సమద్విఖండన రేఖగా గీస్తే ∠BAD = ∠CAD వస్తుంది, భు.కో.భు. నియమం సరిపోతుంది. నిరూపణ అంతే. ఇప్పుడు పైనుంచి కిందికి రాసుకోవచ్చు.

పిల్లలు ఎక్కువగా రాసే తప్పు ఒకటి చూడండి. ‘BC కి లంబంగా, దాని మధ్యబిందువు గుండా పోయేలా AD గీద్దాం’ అంటారు. BD = CD, D దగ్గర రెండూ 90 డిగ్రీలు, AD ఉమ్మడి. భు.కో.భు. ప్రకారం ∠B = ∠C అని ముగిస్తారు. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ AB = AC ని ఎక్కడ వాడారు? ఎక్కడా వాడలేదు. అంటే ఈ నిరూపణే నిజమైతే ప్రపంచంలో ప్రతి త్రిభుజమూ సమద్విబాహువే! A నుంచి గీసిన ఒక గీతకు మనం ఒక్క షరతే పెట్టగలం. లంబంగా గీస్తే అది మధ్యబిందువు గుండా పోతుందని విడిగా చూపించాలి. దిద్దేటప్పుడు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది: దత్తాంశాన్ని ఏ మెట్టులోనూ వాడకుండానే జవాబు వచ్చేస్తే, ఎక్కడో అడగకుండా అప్పు తెచ్చారన్నమాట.

ఇప్పుడు విపర్యయం తీసుకోండి. ∠B = ∠C ఇచ్చారు, AB = AC అని చూపాలి. ఈసారి AD ని మధ్యగతరేఖగా గీశారనుకుందాం. BD = CD, AD ఉమ్మడి, ∠B = ∠C. మూడు సమానాలు వచ్చేశాయి కదా అని సర్వసమానం అనేస్తే పొరపాటు. ఇక్కడ కోణం ఆ రెండు భుజాల మధ్య లేదు. ఎందుకు చెల్లదో బోర్డు మీదే చూపించవచ్చు. 30 డిగ్రీల కోణం వేసి, ఒక కిరణం మీద 8 సెం.మీ. కొలవండి. ఆ చివర వృత్తలేఖిని ముల్లు పెట్టి 5 సెం.మీ. చాపం గీస్తే అది రెండో కిరణాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. అవే కొలతలతో రెండు వేర్వేరు త్రిభుజాలు వచ్చాయి. అదే AD ని కోణ సమద్విఖండన రేఖగా గీస్తే రెండు కోణాలు, ఉమ్మడి భుజం దొరుకుతాయి. కో.కో.భు. నియమంతో పని అయిపోతుంది.

మరి మొదటి సిద్ధాంతానికి మధ్యగతరేఖ గీసి భు.భు.భు. వాడితే తప్పా? లెక్క కుదురుతుంది. కానీ యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో ఈ సిద్ధాంతం 5వది, భు.భు.భు. నియమం 8వది. ఆ 8వ దాన్ని నిరూపించడానికి 7వది కావాలి, 7వ దానికి ఈ 5వదే కావాలి. ఆ వరుసలో వెళ్తూ భు.భు.భు. వాడితే గుండ్రంగా తిరిగి మొదటికే వస్తాం. భు.భు.భు. ని ముందే నియమంగా అంగీకరించిన చోట మాత్రం ఇబ్బంది లేదు. కాబట్టి కారణం నిజమైతే చాలదు, అది మన కంటే ముందే నిరూపణై ఉండాలి.

ఈసారి ఏ నిరూపణ రాసినా ఎడమవైపు వాక్యాలను చేత్తో మూసి, కుడివైపు కారణాలు మాత్రమే చదవండి. ప్రతిదీ దత్తాంశమో, నిర్మాణమో, ముందే నిరూపించిన సిద్ధాంతమో, పైమెట్టు నుంచి వచ్చిందో అయి ఉండాలి. ‘పటం నుంచి’ అని ఎక్కడైనా కనిపించిందా? గొలుసు తెగింది అక్కడే.