రెండు రోజులు ఆలస్యమని ఎలా చెప్పాలి?



మా అక్క కూతురు సింహాచలంలో, అడవివరం కూడలికి చేరువలో కాపురముంటుంది. ఇద్దరు పిల్లల తల్లి. ఇంటిలోనే కంప్యూటరు పెట్టుకుని తెలుగు, అరబీ పుస్తకాలకు పేజీలు కూర్చి ఇస్తుంది. ఆమె ఏ సంస్థలోనూ ఉద్యోగిని కాదు. నేడు ఇటువంటివారిని ఫ్రీలాన్సర్లు అంటున్నాము. ఉద్యోగికి ఆలస్యమైతే పై అధికారి సర్దుబాటు చేస్తాడు. ఫ్రీలాన్సరుకు ఆ అండ ఉండదు. ఇచ్చిన మాటే ఆమె దుకాణం.

గత ఆషాఢంలో ఒక బుధవారం రాత్రి ఇషా నమాజు తరువాత ఆమె నాకు ఫోను చేసింది. "మామూ, శనివారానికి ఇస్తానన్న పుస్తకం సోమవారానికిగాని పూర్తి కాదు. హాజీ సాహెబ్‌గారికి ఏమని చెప్పను?" అని అడిగింది. పూర్వం కొన్నేళ్లు అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దినవాణ్ణి కనుక నన్ను అడగాలని ఆమెకు తోచింది. ఆ రాత్రి మేము చేసిన ఆలోచన ఇంటినుండి పని చేసుకునే మన సోదరీమణులకు, యువకులకు ఉపయోగపడుతుందని దానిని ఇక్కడ వివరిస్తున్నాను.

పుస్తకం మక్తబ్ పిల్లలకు 96 పేజీల వాచకం. పని అప్పగించినవారు విజయవాడలోని ఒక వయోవృద్ధుడైన ప్రచురణకర్త. అచ్చుకూటంవారు పుస్తకాన్ని పేజీలలో కాక ఫారాలలో లెక్కిస్తారు. ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా కలిపి 16 పేజీలు అచ్చవుతాయి. దానిని మడిచి కత్తిరిస్తే ఒక ఫారం అవుతుంది. 96 పేజీలంటే ఆరు ఫారాలు. రోజుకు ఎనిమిది గంటలు, గంటకు రెండు పేజీలు, అంటే రోజుకొక ఫారం చొప్పున సోమవారం మొదలుపెడితే శనివారం సాయంత్రానికి ముగుస్తుందని ఆమె లెక్క వేసింది. ప్రెస్సువారు ఆ తరువాతి సోమవారం ఉదయం అచ్చు మొదలుపెట్టేటట్లు ఏర్పాటు జరిగింది.

బుధవారం సాయంత్రానికి మూడు ఫారాలు అనుకున్నట్లే పూర్తయ్యాయి. అలవాటు ప్రకారం ఆమె ముందున్న భాగాన్ని తెరచి చూసింది. చివరి రెండు ఫారాలలో దుఆలు, చిన్న సూరాలు ఉన్నాయి. ఫాంటు మారగానే అరబీ అక్షరాలపై ఉండే జబర్, జేర్, పేష్‌లు కొన్నిచోట్ల పక్కకు జరిగాయి, కొన్నిచోట్ల ఖాళీ గడులుగా కనిపించాయి. ప్రతి పంక్తినీ మూలంతో సరిచూడవలసి వచ్చింది. పరీక్షగా నాలుగు పేజీలు కూర్చితే నాలుగు గంటలు పట్టింది. తెలుగు పేజీకి అరగంట, అరబీ పేజీకి గంట! ఆ రెండు ఫారాలకు రెండు రోజులు కాదు, నాలుగు రోజులు కావాలని అప్పుడు తేలింది.

తొందరపడి ముగించవచ్చు కదా అని కొందరు అనవచ్చు. తెలుగులో ఒక దీర్ఘం పోతే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. ఆయత్‌లో ఒక జేర్ స్థానం తప్పితే అర్థమే మారిపోవచ్చు. పిల్లలు ఆ తప్పునే కంఠస్థం చేస్తారు. కనుక తగ్గించుకోవలసింది నాణ్యత కాదు, జరపవలసింది తేదీయే.

ఆమె మనసులో మొదట మెదిలిన సందేశం ఇది: "హాజీ సాహెబ్, ఇక్కడ గిరి ప్రదక్షిణ వల్ల చాలా ఇబ్బందిగా ఉంది. కొంచెం ఆలస్యమవుతుంది. ఇన్షా అల్లాహ్ త్వరలోనే పంపిస్తాను." ఆ వారంలోనే గిరి ప్రదక్షిణ జరిగిన మాట నిజమే. సింహగిరి చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల మేర లక్షలాది భక్తులు నడుస్తారు. అడవివరం దారులన్నీ జనంతో నిండిపోతాయి. టీవీలో చూసినవారెవరైనా ఆ కారణాన్ని నమ్ముతారు. కాని ఆమె పని ఇంటిలోనిది. కూర్చిన పేజీలు రోడ్డు మీద ప్రయాణించవు. దారులు మూసుకున్నందువల్ల ఆమెకు ఒక్క పేజీ కూడా ఆగలేదు.

"బేటీ, ఈ సందేశంలో మూడు లోపాలున్నాయి" అన్నాను. మొదటిది, కారణం నిజం కాదు. రెండవది, 'కొంచెం', 'త్వరలో' అన్న మాటలతో హాజీ సాహెబ్ ఏ పనీ చేయలేరు; ప్రెస్సువారికి ఆయన ఒక రోజు, ఒక వేళ చెప్పాలి. మూడవది, ఇన్షా అల్లాహ్ అన్న మాటను తేదీకి బదులుగా వాడటం. కహఫ్ సూరాలో, రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తేనే అని చేర్చుకోవాలనే బోధ ఉంది. అంటే ముందు పని, రోజు స్పష్టంగా ఉంటాయి. వాటికి ఆ మాట తోడవుతుంది. నిర్ణీత గడువుతో కూడిన అప్పును వ్రాసుకోవాలని బకరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. అది అప్పును గూర్చిన ఆదేశమే అయినా, గడువు అనేది ఇరువురికీ ఒకేలా తెలిసి ఉండవలసిన విషయమని దానినుండి మనము గ్రహించవచ్చు.

తరువాత కాగితం మీద లెక్క వేశాము. నాలుగవ ఫారం గురువారం పూర్తవుతుంది. ఐదవ ఫారంలో నాలుగు పేజీలు అయిపోయాయి కనుక మిగిలినవి పన్నెండు. శుక్రవారం ఎనిమిది, శనివారం మధ్యాహ్నానికి నాలుగు. ఆరవ ఫారం పదహారు పేజీలు. శనివారం మధ్యాహ్నం నుండి నాలుగు, ఆదివారం ఎనిమిది, సోమవారం మధ్యాహ్నానికి నాలుగు. సోమవారం సాయంత్రం వరకు సగం రోజు చేతిలో మిగులుతుంది. దానిని పనితో నింపవద్దని చెప్పాను. అరబీ ప్రూఫు చదివే మౌల్వీగారు తప్పు పట్టుకుంటే దిద్దడానికి ఆ సగం రోజే ఆధారం. గడువు ఒకసారి జరిపితే పని ఇచ్చినవారు ఓర్చుకుంటారు. రెండవసారి జరిపితే ఇక ఏ తేదీనీ నమ్మరు.

అప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాము. హాజీ సాహెబ్‌కు శనివారం ఎందుకు కావాలి? ప్రెస్సు సోమవారం ఉదయం ఖాళీగా ఉండకూడదని. ఆరు ఫారాలూ ఒకేసారి యంత్రం ఎక్కవు. ఒకదాని తరువాత ఒకటి ఎక్కుతాయి. సోమవారం ఉదయానికి నాలుగు ఫారాలు సిద్ధంగా ఉంటే ప్రెస్సు ఆగదు. మనవైపు రెండు రోజులు ఆలస్యమైనా అటువైపు ఒక్క రోజు కూడా పోకుండా చూడవచ్చు.

అయితే ఏ నాలుగు? "మొదటి నాలుగూ పంపేస్తాను" అంది ఆమె. పుస్తకాల పనిలో ఎందరో పొరబడే చోటు ఇదే. మొదటి ఫారంలో విషయసూచిక ఉంటుంది. చివరి పాఠాలు ఏ పేజీలో మొదలవుతాయో వాటిని కూర్చేదాకా తెలియదు. మొదటి ఫారం ముందే అచ్చయిపోయి, తరువాత ఒక పాఠం పేజీ మారితే విషయసూచిక అబద్ధమాడుతుంది. కనుక మొదటి ఫారం చివరనే వెళ్లాలి.

ఆ రాత్రి పది గంటలకు ఆమె పంపిన సందేశం ఇది:

"అస్సలాము అలైకుమ్ హాజీ సాహెబ్‌గారూ. శనివారం సాయంత్రానికి పుస్తకమంతా ఇస్తానని చెప్పాను. అది సోమవారం సాయంత్రం 6 గంటలకు పూర్తవుతుంది. ఇది నా అంచనాలోని పొరపాటు; చివరి 32 పేజీల అరబీకి రెట్టింపు సమయం పడుతుందని ముందుగా చూసుకోలేదు. క్షమించగలరు.

శుక్రవారం ఉదయం 10 గంటలకు 2, 3, 4 ఫారాలు (17 నుండి 64 పేజీలు) పంపుతాను.
శనివారం సాయంత్రం 6 గంటలకు 5వ ఫారం (65 నుండి 80 పేజీలు), మౌల్వీగారు సరిచూసిన తరువాత పంపుతాను.
సోమవారం సాయంత్రం 6 గంటలకు 6వ ఫారం (81 నుండి 96 పేజీలు), దానితోపాటు 1వ ఫారం పంపుతాను. విషయసూచిక సంఖ్యలు చివరనే ఖాయమవుతాయి కనుక 1వ ఫారాన్ని ఆపాను.

ఈ విధంగా సోమవారం ఉదయానికి ప్రెస్సు చేతిలో నాలుగు ఫారాలు ఉంటాయి. ఇది వారికి సమ్మతమేనా అని రేపు మధ్యాహ్నంలోగా తెలియజేయగలరు. కాకపోతే 6వ ఫారాన్ని మరొకరితో కూర్పించే విషయం మాట్లాడుకుందాము. ఇన్షా అల్లాహ్."

సందేశంలో కొత్త తేదీ రెండవ వాక్యంలోనే వచ్చింది. చదివేవారు దానికోసం వెతుక్కోనక్కరలేదు. కారణం ఒక్క వాక్యంతో ముగిసింది. కారణం ఎంత పొడుగైతే అంత సాకులా వినిపిస్తుంది. చివరి మాట కూడా ముఖ్యమైనది. తేదీ మారుతోందని తెలియజేయడం వేరు, మారడానికి అంగీకారం కోరడం వేరు. ఒప్పందం ఇద్దరిది కనుక మార్పుకు రెండవవారి సమ్మతి కావాలి.

మరునాడు ఉదయం హాజీ సాహెబ్ ఫోను చేశారు. గొంతులో కొంత అసంతృప్తి ఉంది. "సోమవారమంటే సోమవారమేనా అమ్మా?" అని అడిగారు. ఆమె ఏ పూటకు ఎన్ని పేజీలో చదివి వినిపించింది. ఆయన ప్రెస్సుతో మాట్లాడి సరేనన్నారు. ముందుమాటను తాను నిదానంగా చదువుకోవాలి కనుక, సూచికలో సంఖ్యలు లేకపోయినా మొదటి ఫారం నకలు ఆదివారమే చూపమన్నారు. ఆమె అలాగే పంపింది.

సోమవారం మధ్యాహ్నం మౌల్వీగారు ఒక దుఆలో రెండు చోట్ల తప్పు పట్టుకున్నారు. అట్టిపెట్టుకున్న సగం రోజు అందుకు సరిపోయింది. సాయంత్రం ఆరింటికి ముందే చివరి ఫారాలు విజయవాడ చేరాయి.

ఈ పద్ధతి అన్నిచోట్లా చెల్లదని కూడా చెప్పాలి. నికాహ్ పత్రికకు, పరీక్షాపత్రానికి ముక్కలుగా ఇవ్వడం పనికిరాదు. ఆ రోజు దాటితే వాటికి విలువే లేదు. అటువంటి పనిలో ఆలస్యం కనిపించిన క్షణమే పని తగ్గించుకోవడమో, మరొకరి సహాయం తీసుకోవడమో చేయాలి. అసలు చెప్పడానికే వీలులేని రోజులూ ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. అందుకే పని నకలును ప్రతి రాత్రీ వేరొకచోట భద్రపరచడం, వేరే ఊరిలోని బంధువు ఫోను నంబరును పని ఇచ్చినవారి దగ్గర ఉంచడం మంచిది.

ఇప్పుడు మా మేనకోడలు తేదీ చెప్పడానికి ముందు వ్రాతప్రతి అంతా తెప్పించుకుంటుంది. అరబీ ఉన్న పేజీలను వేరుగా లెక్కిస్తుంది. వాటిలో నాలుగు కూర్చి చూసి, గడియారం చూసుకుని, ఆ తరువాతే మాట ఇస్తుంది.