ఉప్పూ, పట్టుచీరా

ఉప్పు ధర రేపు రెట్టింపైతే మీ ఇంట్లో పప్పుచారు చప్పగా ఉంటుందా? ఉండదు. ఇంటాయన నాలుగు మాటలు గొణుక్కుని, అడిగినంతా ఇచ్చి తెస్తాడు. అదే పట్టుచీర ధర రెట్టింపైందనుకోండి, "ఈ శ్రావణానికి వద్దులెండి, ఉన్నదే కట్టుకుంటాను" అని ఇల్లాలే అంటుంది. ఈ తేడాను కొలిచే కొలబద్దకే డిమాండు ధర వ్యాకోచత్వమని పేరు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రకటించిన గ్రంథంతో ఈ మాట అర్థశాస్త్రంలో స్థిరపడింది. మొదటి ఏడాది పిల్లలు నిర్వచనాన్ని ఇట్టే అప్పజెబుతారు. లెక్క వేయమంటేనే బిక్కమొహం వేస్తారు.

లెక్క పెద్దదేమీ కాదు. కొనుగోలు నూటికి ఎంత మారిందో చూసి, దాన్ని ధర నూటికి ఎంత మారిందో దానితో భాగించాలి. ఒక సంసారంలో నెలకు 2 కిలోల ఉప్పు వాడతారనుకుందాం. కిలో 20 రూపాయలది 30 అయింది, అంటే నూటికి 50 పెరిగింది. వాడకం 1.9 కిలోలకు, అంటే నూటికి 5 తగ్గింది. 5ను 50తో భాగిస్తే 0.1. ఒకటికి తక్కువ వస్తే ఆ డిమాండు అవ్యాకోచం. ఖర్చు 40 రూపాయల నుంచి 57కు పెరిగింది చూడండి.

ఇప్పుడు బట్టల కొట్టుకు వెళదాం. 8,000 రూపాయల చీరలు నెలకు 100 అమ్ముతున్న వర్తకుడు ధర 10,000 చేశాడు. అమ్మకం 60కి పడింది. ధర నూటికి 25 పెరిగితే కొనుగోలు నూటికి 40 తగ్గింది. భాగిస్తే 1.6. ఎనిమిది లక్షలు వచ్చేచోట ఆరు లక్షలే వచ్చాయి. (ఇదే లెక్కను 10,000 నుంచి 8,000కు వెనక్కి వేస్తే జవాబు మారిపోతుంది. అందుకే మార్పు చిన్నదైనప్పుడే ఈ పద్ధతిని నమ్మాలి.)

ఈ సంగతి పన్నులు వేసేవాళ్లకు బాగా తెలుసు. 1923లో మన దేశంలో వైస్రాయి లార్డ్ రీడింగ్ ఖజానా లోటు పూడ్చడానికి శాసనసభ కాదన్నా వినక, మణుగు ఉప్పు మీద 1 రూపాయి 4 అణాలున్న పన్నును 2 రూపాయల 8 అణాలు చేశాడు. ఉప్పునే ఎందుకు ఎంచుకున్నట్లు? దానికి బదులు కూరలో వేసేది మరొకటి లేదు. బీదవాడూ, జమీందారూ తినే ఉప్పు ఇంచుమించు ఒక్కటే. కనుక రాబడి గట్టిది, భారం మాత్రం బీదవాడి మీద ఎక్కువ. గోలకు తట్టుకోలేక 1924లో పాత రేటుకే దించారు. 1930లో గాంధీగారు దండి దారి పట్టిందీ ఈ పన్ను మీదనే.

దీనికి ఎదురుగా అమెరికా కథ ఒకటుంది. ధనికుల చేత కట్టించాలని అక్కడి ప్రభుత్వం 1991 నుంచి లక్ష డాలర్లు దాటిన విలాస నౌకల మీద, పైబడిన మొత్తానికి నూటికి 10 చొప్పున పన్ను వేసింది. ధనికుడికి నౌక లేకపోతే పూట గడవదా? అతను కొనడం వాయిదా వేయవచ్చు, పన్ను లేని పాత నౌక కొనవచ్చు, ఆ డబ్బుతో మరో సరదా తీర్చుకోవచ్చు. అమ్మకాలు పడిపోయాయి. నౌకలు కట్టే వడ్రంగులు, పనివాళ్లు వీధిన పడ్డారు. ఆ రోజుల్లో దేశమంతా మాంద్యం కూడా ఉంది కనుక నేరమంతా పన్నుదే అనడం న్యాయం కాదు. కాని 1993లో దాన్ని ఎత్తివేశారు. వ్యాకోచత్వం ఎక్కువ ఉన్నచోట కొనేవాడు తప్పుకుంటాడు, భారం తయారుచేసేవాడి నెత్తిన పడుతుంది.

అయితే "అవసరం", "విలాసం" అన్నవి వస్తువు నుదుట రాసి ఉండవు. మామగారికి కాఫీ లేనిదే తెల్లవారదు, కోడలికి ధర పెరిగితే టీ అయినా ఒకటే. ప్రత్యామ్నాయం ఉందా, జీతంలో దానికెంత పోతుంది, సర్దుకోవడానికి ఎంత వ్యవధి ఉంది అన్న మూడూ చూడాలి. ఉప్పు మీద పోయేది స్వల్పం కనుక పెరిగినా ఎవరూ లెక్కచేయరు. కిలో వెయ్యి రూపాయలైతే అదే ఉప్పును గిద్దెలతో కొలుచుకుంటాం, అప్పుడు ఆ 0.1 నిలవదు. పెట్రోలు సంగతి మరోరకం. ధర పెరిగిన వారంలో స్కూటరు ఆగదు, రెండేళ్లలో మాత్రం కొందరు బస్సెక్కుతారు, కొందరు తక్కువ తాగే బండి కొంటారు.

పరీక్షల్లో తరచు తప్పే చోటు మరొకటి ఉంది. ఉప్పుకు డిమాండు అవ్యాకోచమంటే అన్ని కొట్ల ఉప్పూ కలిపి అని అర్థం. మీ వీధి మలుపులో కోమటి ఒక్కడే తన ఉప్పు పొట్లం మీద ఐదు రూపాయలు పెంచి చూడమనండి. సాయంత్రానికి మనమంతా ఎదురుకొట్టులో ఉంటాం.