వాననాటి గ్రుడ్డు బోండా

ఈ మాసం పాఠకులకు ఒక చిన్న కథ చెబుతాను. మనుషులు కల్పితమే గాని, పిండి, నూనె, గ్రుడ్ల సంగతి మాత్రం కల్పితం కాదు. చెన్నపట్నంలో ప్యారీస్ కార్నర్ నుంచి బీచ్ స్టేషనుకు పోయే దారిలో సాయంత్రం వేళ నిలబడి చూసినవారెవరైనా ఒప్పుకుంటారు.

మన కథానాయకుడికి అరవై యేళ్ళు. తాతగారి కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడిన కుటుంబం. బేరానికి అరవం, యింట్లో తెలుగు. తోపుడు బండి మీద గ్రుడ్డు బోండాలు వేస్తాడు. పొద్దున్నే వడ్డీవాడి దగ్గర తొమ్మిది వందలు తీసుకుంటాడు. రాత్రి తొమ్మిదింటికి వాడి కుర్రాడు వస్తే వెయ్యి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే మరునాటికి యింకో వంద ఎక్కుతుంది.

ఆ నవంబరు రోజున తొమ్మిది వందలూ యిలా ఖర్చయ్యాయి: మూడు అట్టల గ్రుడ్లు, అంటే తొంభై, ఒక్కొక్కటి ఆరున్నర చొప్పున 585. రెండు కిలోల శనగపిండి 190. మిగిలిన 125 నూనెకు. బియ్యప్పిండి యింటిదే. బోండా యిరవై రూపాయలు.

మధ్యాహ్నం నుంచే ఆకాశం నల్లబడింది. తొంభై గ్రుడ్లూ వుడకబెట్టి చల్లనీళ్ళలో వేశాక, అలవాటు ప్రకారం అన్నీ వొలవబోయాడు. భార్య చెయ్యి పట్టుకుంది.

"ఏందయ్యా, తొందరపడతావు? ముప్ఫయ్యే వొలువు. తక్కినవి పెంకుతోనే తీసుకుపో. అమ్మితే అక్కడ వొలుచుకోవచ్చు, అమ్మకపోతే రేపటికి పనికొస్తాయి."

వొలిచిన గ్రుడ్డు ఆ రాత్రికే చెల్లాలి. పెంకుతో వున్నదైతే చల్లటి చోట వుంచితే మరునాటికి నిలుస్తుంది. ఆ మాట వల్లనే తరువాతి కథ నడిచింది.

అయిదున్నరకు వాన మొదలైంది. మూసిన అంగడి ముందు రేకుల పంచ క్రింద బండి పెట్టి, పైన పట్టా కట్టాడు. ఆఫీసులు వదిలారు. గొడుగులు వరుసగా పోతున్నాయిగాని ఆగేవారు లేరు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో సంచి. చట్నీ పళ్ళెం పట్టుకోవడానికి మూడో చెయ్యి ఏది? అతడు చట్నీ గిన్నె మూసేసి, ఉల్లిపాయ, కారం, ఉప్పు కలిపిన పొడి బోండా మీద చల్లి, అరిటాకు ముక్కలో చుట్టి చేతికివ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు ఒక్కొక్కరు ఆగారు.

రెండో వాయిలో చిక్కు వచ్చింది. బాణలిలో గ్రుడ్లు ఒకవైపు, పిండి తొడుగులు ఒకవైపు తేలాయి. ఒక గ్రుడ్డు ఠప్పున పగిలి నూనె చిందింది. చిల్లుల గరిటెతో పైకి తీసి చూస్తే మూడు బోండాలు పాడు.

బండి దగ్గర నిలబడ్డ గుమాస్తా ఒకాయన అడిగాడు: "ఏమన్నా, రోజూ బాగా వచ్చేవి గదా?"

"వాన అబ్బయ్యా. గ్రుడ్డుకు తడి తగిలింది."

సంగతేమిటంటే, వొలిచిన గ్రుడ్డు అసలే నున్నన. దానిమీద వానజల్లు పడితే పిండి పట్టదు, జారిపోతుంది. పిండి గిన్నెలోకి కూడా జల్లు పడి పలచబడింది. గాలికి మంట అటూయిటూ పోయి నూనె చల్లబడింది. చల్లని నూనెలో పిండి గట్టిపడే లోపలే విడిపోతుంది, పట్టినదేమో నూనె పీలుస్తుంది. ఇక పగిలిన గ్రుడ్డుకు గాటు పెట్టడం మరిచాడు. లోపలి ఆవిరికి దారి లేకపోతే అది తన దారి తానే చేసుకుంటుంది.

అతడు మూడు పనులు చేశాడు. మొదట గాలి వచ్చే వైపు రేకు ముక్క నిలబెట్టి మంటను కాపాడాడు. తరువాత పిండిలో దోసెడు పొడిపిండి కలిపి, గరిటె వెనక ముంచి చూశాడు. గరిటె నిండా మందంగా పట్టి, వేలితో గీస్తే గీత పూడకుండా నిలవాలి. వంటసోడా మాత్రం పెంచలేదు. సోడా ఎక్కువైతే బోండా పొంగుతుందిగాని నూనె త్రాగుతుంది. చివరకు ఒక్కొక్క గ్రుడ్డునూ పొడిగుడ్డతో తుడిచి, తెల్లసొనకు సన్నని గాటు పెట్టి, బియ్యప్పిండిలో దొర్లించి, అప్పుడు ముంచాడు.

నూనెకు పరీక్ష పిండిచుక్కే. చుక్క అడుగున కూర్చుంటే నూనె చల్లన. పడగానే లేచి నల్లబడితే మంట ఎక్కువ. అడుగుకు పోయి బుడగలతో మెల్లగా లేస్తే సరి. చుక్క మెల్లగా లేచింది. ఆ వాయి బంగారు రంగులో దిగింది.

ఏడుంముప్పావుకు పట్టాల మీద నీళ్ళు నిలిచి లోకల్ బండ్లు ఆగాయన్నారు. స్టేషను నుంచి వెనక్కు వచ్చినవారంతా ఆ పంచ క్రిందనే చేరారు. ప్రొద్దున తిన్న డబ్బా అన్నం తప్ప కడుపులో ఏమీ లేని జనం. అతడు పెంకులు వొలుస్తూ, తుడుస్తూ, వేస్తూ పోయాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా చూసుకుంటే అరవై యేడు అమ్ముడయ్యాయి. అందులో యిరవై తొమ్మిదింటి డబ్బు ఫోనులో కూతురి ఖాతాకు పోయింది. చేతిలో నగదు ముప్ఫై యెనిమిదింటిది, 760.

అప్పుడే ఫోన్లలో సిగ్నలు పోయింది. జేబులో నోటు పెట్టుకోవడం మానేసిన వాళ్ళంతా మొగాలు చూసుకున్నారు. ఒకావిడ ఫోను పైకెత్తి చూసి, దించి, మెల్లగా అంది:

"పొద్దు నుంచీ ఏమీ తినలేదు తాతా. డబ్బు లేదు."

పెంకు తియ్యనివి యిరవై గ్రుడ్లు మిగిలాయి. ఇంటికి తీసుకుపోతే రేపటి సరుకు. ఇక్కడ యిస్తే రేపు ఎవరిస్తారో, ఎవరివ్వరో. అవతల వడ్డీవాడి కుర్రాడు వచ్చే వేళైంది.

అతడు కాసేపు బాణలి వంక చూసి, గ్రుడ్డు ఒకటి బండి అంచుకు కొట్టాడు.

"తిను తల్లీ. రేపిటు పోతావు గదా."

అలా పదిహేడు పోయాయి. కుర్రాడు వచ్చి ఏడు వందలు తీసుకున్నాడు. "మిగతా మూడు వందలూ, దానిమీద వందా రేపు, పెద్దాయనా" అని గొడుగు తిప్పుకుంటూ వెళ్ళాడు.

ఇంటికి పోయేసరికి పదకొండు. భార్య డబ్బు లెక్కపెట్టి మూడు గ్రుడ్లు పక్కన పెట్టింది.

"పదిహేడు అప్పు యిచ్చావా? పేర్లు రాసుకున్నావా?"

"పేర్లెక్కడివే. మొగాలు గుర్తున్నాయి."

మరునాడు వాన లేదు. ఒకావిడ ముందుగా వచ్చి యిరవై యిచ్చి, యింకొకటి కొని తిని పోయింది. శనివారానికి పధ్నాలుగు వచ్చాయి. మూడు రాలేదు.

"రావా యింక?" అని అడిగింది భార్య.

"ఆ రోజు మూడు గ్రుడ్లు బాణలిలో పాడయ్యాయి గదా" అన్నాడు అతడు, శనగపిండి జల్లిస్తూ. "ఆరు పాడయ్యాయనుకో."